"ఆ సార్ నంబర్ ఇవ్వవా అన్నా" అని అడిగితే ఎందుకు పని కాదు

మార్చి మొదట్లో మా కాలేజీ సీనియర్ ఒకాయనకి వాట్సాప్ లో నేను పంపిన మెసేజ్ ఇది, ఉన్నదున్నట్టు పెడుతున్నా. "అన్నా బాగున్నావా, నువ్వు ముందు చేసిన కంపెనీ ప్లాంట్ హెడ్ సార్ నీకు బాగా తెలుసు కదా, కొంచెం ఇంట్రో ఇప్పించన్నా, మా సర్వీస్ గురించి మాట్లాడాలి." రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఒక బొటనవేలు ఎమోజీ వచ్చింది, అక్కడితో సరి. ఇరవై రోజులు చూసి "అన్నా ఏమైంది" అని పెట్టా, "చూస్తా రా" అన్నాడు. బెంగళూరులో పెద్ద ఉద్యోగం వచ్చాక మనల్ని మర్చిపోయాడులే అని నాలో నేనే గొణుక్కున్నా.

మే నెలలో హిందూపురంలో ఒక పెళ్ళిలో దొరికాడు. భోజనాల దగ్గర పక్కన కూర్చుని నేనే కదిపా. ఆయన ఏమీ దాచుకోలేదు. "ఏమని చెప్పమంటావురా ఆ సార్ కి? నువ్వు కంప్రెసర్లు అమ్ముతావో రిపేర్ చేస్తావో నాకే సరిగ్గా తెలీదు. నాలుగు సార్లు టైప్ చేసి నాలుగు సార్లు కొట్టేశా. తర్వాత మర్చిపోయా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది, నేను ఆయన్ని అడిగింది ఒక చిన్న సాయం అనుకున్నా గానీ నిజానికి ఆయన నెత్తిన నాలుగు పనులు పెట్టా. నా కంపెనీ ఏం చేస్తుందో కనుక్కోవాలి, అది ఆ ప్లాంట్ కి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి, పాత బాస్ కి చదివించేలా నాలుగు లైన్లు రాయాలి, ఆ సార్ "ఎవరయ్యా వీడు, ఎందుకు పంపావు" అంటే జవాబు రెడీగా పెట్టుకోవాలి. ఇవన్నీ రాత్రి తొమ్మిదింటికి మారతహళ్ళి ట్రాఫిక్ లో ఇంటికి పోతున్న మనిషి చెయ్యాలి, అదీ తనకి పైసా లాభం లేని పనికి. ఎవరు చేస్తారు చెప్పండి.

రెండో విడతలో అదే అన్నని అదే సార్ కోసం అడిగా, ఈసారి రెండు రోజుల్లో జవాబు వచ్చింది. మధ్యలో మారింది నేను అడిగిన పద్ధతి ఒక్కటే, దాని గురించే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే బెంగళూరులో చిన్న సర్వీస్ కంపెనీలు నడిపే మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు.

ముందు మా పని ఏంటో చెప్తా, లేకపోతే తర్వాత రాసేది అర్థం కాదు. ఫ్యాక్టరీల్లో ప్రెస్సులు, స్క్రూ గన్నులు, సిలిండర్లు గాలితో నడుస్తాయి కదా, ఆ గాలిని కంప్రెసర్ తయారు చేసి పైపుల్లో పంపుతుంది. కాలక్రమేణా జాయింట్ల దగ్గర, హోస్ పైపుల దగ్గర, పాత వాల్వుల దగ్గర గాలి లీకవుతుంది. నీళ్ళలా కారితే కనపడుతుంది, గాలి కనపడదు, మెషీన్ల చప్పుడులో వినపడదు, కరెంటు బిల్లులో మాత్రం పడుతుంది. సరిగ్గా చూసుకోని ప్లాంట్లలో కంప్రెసర్ తయారు చేసే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలా ఊరికే పోవడం మామూలే. మేము అల్ట్రాసోనిక్ మీటర్ తో ఆ లీకులు పట్టి, ట్యాగులు కట్టి, మూయించి వస్తాం. పీణ్యాలో ఆఫీసు, ఆరుగురం ఉంటాం.

ఇంక అసలు సంగతి. మధ్యలో మనిషిని అడిగే ముందు ఆ మనిషి ఎవరై ఉండాలి అనేది తేల్చుకోవాలి, నేను ఆ బొమ్మసంద్ర ప్లాంట్ హెడ్ ని లింక్డ్ ఇన్ లో చూస్తే ఇద్దరికీ తెలిసినవాళ్ళు పదకొండు మంది కనపడ్డారు. పదకొండు అనగానే సంబరపడకూడదు. అందులో ఆరేడుగురు ఎవరు రిక్వెస్ట్ పంపినా ఒప్పుకునే బాపతు, ఆ సార్ ఎదురుగా వచ్చినా గుర్తుపట్టరు. చివరికి నిజంగా మిగిలింది ముగ్గురు. ఒకరు ఆ ప్లాంట్ కి హోసులు, ఫిట్టింగులు సప్లై చేసే వెండర్, నాకు మంచి దోస్తు. ఇంకొకడు ఆ ప్లాంట్ లోనే మెయింటెనెన్స్ లో పనిచేసే మా ఊరి పిల్లోడు, వరసకి తమ్ముడు. మూడో ఆయన ఈ సీనియర్, ఆ సార్ కింద నాలుగేళ్ళు ప్రొడక్షన్ చూసి రెండేళ్ళ కింద వేరే కంపెనీకి మారినాయన.

వెండర్ తో నాకు వారానికి రెండుసార్లు మాటలుంటాయి, సహజంగా అతన్నే అడగాలి అనిపిస్తుంది. కానీ అతను పంపితే ఆ సార్ చెవికి ఎలా వినపడుతుంది? "ఇతను ఫిట్టింగులు అమ్ముకోవడానికి లీకులు వెతికే మనిషిని వెంట తెచ్చాడు" అని. అందులో తప్పేం లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. తమ్ముడి సంగతి ఇంకా ఇబ్బంది. వాడు వాళ్ళ మేనేజర్ ని దాటి నేరుగా ప్లాంట్ హెడ్ కి మెసేజ్ పెడితే మరుసటి రోజు నుంచి వాడికి నైట్ షిఫ్టులే. పైన కూర్చున్న మనిషికి కింద నుంచి ఇంట్రో అడగడం అంటే ఆ కిందవాడి ఉద్యోగంతో ఆడుకోవడం, సొంత తమ్ముడైనా సరే ఆ పని చెయ్యొద్దు. వాడి దగ్గర ఎయిర్ లైన్ ఎంత పాతది లాంటి విషయాలు కూడా కూపీ లాగొద్దు, వాడికి అది కూడా ఇబ్బందే.

సీనియర్ కి అక్కడ ఇప్పుడు ఏ లాభం లేదు, నష్టం లేదు, మంచిగా వెళ్ళిపోయిన మనిషి, దీపావళికి ఆ సార్ కి ఫోన్ చేసి మాట్లాడతాడు. ఆయన మెసేజ్ పెడితే ఆ సార్ ఆ రోజే చూస్తారు. నేను పెట్టుకున్న కొలత ఇదే, మధ్యవర్తి పేరు చూసి పెద్దమనిషి అదే రోజు జవాబు ఇస్తారా లేదా.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సోషియాలజిస్ట్ 1973లో ఒక ప్రసిద్ధమైన పేపర్ రాశాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని మీరు ఆ మనిషిని ఎంత తరచుగా కలుస్తుండేవాళ్ళు అని అడిగితే, దాదాపు 56 శాతం మంది అప్పుడప్పుడు అన్నారు, 28 శాతం అరుదుగా అన్నారు, తరచుగా అన్నవాళ్ళు 17 శాతమే. దీన్ని చూసి చాలామంది ఎవరిని పడితే వాళ్ళని అడగొచ్చు అనుకుంటారు. నాకు మాత్రం అర్థమైంది వేరే. మనకీ మధ్యవర్తికీ ఉన్న ముడి వదులుగా ఉన్నా నడుస్తుంది, ఏడాదికోసారి పెళ్ళిలో కలిసే అన్న అయినా పర్లేదు, మొహమాటపడక్కర్లేదు. మధ్యవర్తికీ పెద్దమనిషికీ ఉన్న ముడి మాత్రం వదులుగా ఉంటే పని కాదు. మనం సాధారణంగా తిరగేసి చేస్తాం, మనకి దగ్గరైన వాణ్ణి పట్టుకుంటాం, వాడికి ఆ సార్ దూరం.

ఇంకో మాట, బెంగళూరులో తెలుగు అసోసియేషన్ల ద్వారా, కులం గ్రూపుల ద్వారా "ఆయన మనోడే, పరిచయం చేయిస్తా" అనేవాళ్ళు దొరుకుతారు. నేనూ రెండుసార్లు వెళ్ళా. కాఫీ బాగుంటుంది, ఊరు పేర్లు అడుగుతారు, మా మామగారి తాలూకు ఎవరో తెలుస్తారు, పని సంగతి మాత్రం ఎత్తరు. ఎందుకంటే ఆ మధ్యవర్తి నా పని గురించి ఒక్క ముక్క చెప్పలేడు, నేను ఎవరి కొడుకునో మాత్రమే చెప్పగలడు. సార్ కి కావాల్సింది అది కాదు కదా.

సరే మనిషి దొరికాడు. ఇప్పుడు రాయడం. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏంటంటే రాయాల్సింది ఒక మెసేజ్ కాదు, రెండు. ఒకటి అన్నకి మాత్రమే, ఇంకొకటి అన్న చేతుల మీదుగా వెళ్ళేది. ఈ రెండూ ఒకే దాంట్లో కలిపితే అన్న కూర్చుని కత్తిరించాలి, అంటే మళ్ళీ ఆయనకి పని పెట్టినట్టే. ఈమెయిల్ అయితే ఇంకా ప్రమాదం, ఫార్వర్డ్ కొట్టినప్పుడు కింద ఉన్న పాత సంభాషణ మొత్తం తోకలా వెళ్ళిపోతుంది, అందులో మీరు "ఆ సార్ కొంచెం కోపిష్టి అంట కదా అన్నా" అని ఎప్పుడో రాసి ఉంటే అదీ ఆయనకి చేరుతుంది. అందుకని పంపడానికి రాసింది ఎప్పుడూ కొత్త మెయిల్ లో, కొత్త సబ్జెక్ట్ తో, పైన కింద ఏమీ లేకుండా విడిగా వెళ్ళాలి. సబ్జెక్ట్ కూడా పెద్దమనిషి చదివేలా ఉండాలి. "చిన్న హెల్ప్ అన్నా" అని ఉంటే ఆ సార్ ఇన్ బాక్స్ లో అదే కనపడుతుంది.

నేను అన్నకి పెట్టిన సొంత మెసేజ్ ఇది:

"అన్నా, పెళ్ళిలో అన్నావు కదా నేనేం చేస్తానో తెలీదని, నిజమే, తప్పు నాదే. మేము ఫ్యాక్టరీల్లో కంప్రెస్డ్ ఎయిర్ లీకులు పట్టే పని చేస్తాం. మీ పాత ప్లాంట్ లో ప్రెస్ లైన్ మొత్తం గాలి మీదే నడుస్తుందని నువ్వే ఒకసారి చెప్పావు, అందుకే ఆ సార్ ని అనుకున్నా. కింద ఇంకో మెసేజ్ విడిగా పెడుతున్నా, నీకు సబబు అనిపిస్తే అది కాపీ చేసి సార్ కి పెట్టు, నీకు నచ్చినట్టు మార్చుకో. ముందు సార్ కి ఇష్టమా కాదా కనుక్కో చాలు, నంబర్ నాకు ఇప్పుడే వద్దు. ఇబ్బంది అనిపిస్తే వద్దని ఒక్క మాట చెప్పు, కారణం కూడా చెప్పక్కర్లేదు, నేను వేరే దారి చూసుకుంటా."

దీంట్లో రెండు వాక్యాలు ఊరికే మర్యాదకి పెట్టినవి కాదు. "నంబర్ ఇప్పుడే వద్దు" అనేది చాలా బరువు దించుతుంది. అడక్కుండా పెద్దమనిషి నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ సార్ కి ఒళ్ళు మండుతుంది, అది అన్న మీద పడుతుంది. ముందు సార్ ని అడిగి, ఆయన సరే అన్నాకే ఇద్దర్నీ కలపడాన్ని డబల్ ఆప్ట్-ఇన్ అంటారు, అంటే రెండు వైపులా ఒప్పుకున్నాకే పరిచయం. సార్ వద్దంటే ఆ వద్దు అన్నకి మాత్రమే తెలుస్తుంది, నా మొహం మీద చెప్పాల్సిన పని ఆయనకి ఉండదు, అందుకే ఆయన కూడా తేలిగ్గా చదువుతారు. రెండోది "వద్దని చెప్పు" అనే తలుపు. మనవాళ్ళలో ముఖం మీద వద్దనడం రాదు, "చూస్తా రా" అంటారు, మనం ఆ "చూస్తా" పట్టుకుని నెలలు తిరుగుతాం. వద్దనడానికి తలుపు ముందే తీసిపెడితే అసలు సంగతి తొందరగా తెలుస్తుంది.

ఇప్పుడు పంపించాల్సిన మెసేజ్. నిజానికి ఇది ఇంగ్లీషులో వెళ్ళింది, ఎందుకంటే ఆ సార్ ది ధార్వాడ వైపు, తెలుగు రాదు. మన భాషలో ఇలా ఉంటుంది, పేర్లు తీసేశా:

"(పేరు) నా కాలేజీ జూనియర్, పీణ్యాలో (కంపెనీ పేరు) నడుపుతున్నారు. ఫ్యాక్టరీల్లో కంప్రెస్డ్ ఎయిర్ లీకులు పట్టి, ప్లాంట్ మెయింటెనెన్స్ టీమ్ తో కలిసి మూయించడం వాళ్ళ పని. జిగణిలో ఒక షీట్ మెటల్ ప్లాంట్ లో లీకేజీ 28 శాతం ఉండింది, మూడు వారాల్లో 11 శాతానికి తగ్గింది, రెండు రీడింగులూ ఆ ప్లాంట్ వాళ్ళే తీసుకున్నారు. మీ దగ్గర ఎంత ఉందో తెలియాలంటే మెషీన్లు ఆగి ఉన్న ఒక ఆదివారం గంటసేపు కంప్రెసర్ దగ్గర నిలబడితే చాలు, దానికి చార్జీ లేదు. 10 శాతం లోపే ఉంటే తమ అవసరం లేదని చెప్పి వెళ్ళిపోతారు. ఆసక్తి ఉంటే మెయింటెనెన్స్ లో ఎవరితో మాట్లాడాలో చెబితే చాలు. ఫోన్: (నంబర్)"

ఇంతే. ఇంగ్లీషులో వంద మాటలకి అటూ ఇటూ, ఫోన్ లో ఒక్క స్క్రీన్ లో పట్టాలి, "రీడ్ మోర్" నొక్కే పని పడకూడదు. మొదట నేను రాసినప్పుడు దీనికి మూడింతలు ఉంది, మేము ఎప్పుడు మొదలుపెట్టాం, ఎన్ని అవార్డులు, ఇంకా వైబ్రేషన్ టెస్టింగ్ కూడా చేస్తాం, థర్మోగ్రఫీ కూడా చేస్తాం అని. అన్నీ కొట్టేశా. చేసే పనులు నాలుగు చెబితే చదివే మనిషికి ఒక్కటీ గుర్తుండదు, పైగా ఎవరికి అప్పజెప్పాలో తెలియక అలా వదిలేస్తారు.

ఇందులో ప్రతి లైన్ వెనక ఒక కారణం ఉంది, అన్నీ చెప్పను గానీ నాలుగైదు చెప్తా.

మొదటిది, నా గొంతులో కాకుండా అన్న గొంతులో ఎందుకు రాశా. ఈమెయిల్ ఫార్వర్డ్ చేస్తే "మేము ఇది చేస్తాం" అని నా గొంతులో ఉన్నా పర్లేదు, పైన పంపినవాడి పేరు కనపడుతుంది. వాట్సాప్ లో అలా కాదు. మెసేజ్ ఫార్వర్డ్ చేస్తే మొదట రాసిందెవరో కనపడదు, పైన ఫార్వర్డెడ్ అని చిన్న ముద్ర మాత్రం పడుతుంది, గుడ్ మార్నింగ్ మెసేజ్ లకి పడే ముద్రే అది. అందుకే కాస్త తెలిసినవాళ్ళు ఫార్వర్డ్ చెయ్యరు, కాపీ చేసి పేస్ట్ చేస్తారు. పేస్ట్ చేసినప్పుడు "మేము" అని ఉంటే అన్నే లీకులు పట్టే పని చేస్తున్నట్టు ఉంటుంది. అలాగే నా నంబర్ లోపలే ఉండాలి, లేకపోతే రెండు చేతులు మారేసరికి నేను ఎవరో తెలుసుకునే దారే ఉండదు.

రెండోది, ఆదివారం గంట. నేను ముందు "ఒక మీటింగ్ కావాలి" అని రాశా. ప్లాంట్ హెడ్ కి మీటింగ్ అంటే కాన్ఫరెన్స్ రూము, ప్రెజెంటేషన్, అరగంట, తర్వాత కొటేషన్, అంత తతంగం కళ్ళ ముందు కనపడుతుంది. గంటసేపు కంప్రెసర్ పక్కన నిలబడతాం అంటే అది ఆయన ఒక్క మాటతో ఒప్పుకోగలిగిన పని. అది ఉత్త మాట కూడా కాదు, లెక్క చాలా తేలిక. ప్లాంట్ ఆగి ఉన్నప్పుడు గాలి వాడేవాళ్ళు ఎవరూ ఉండరు, అయినా కంప్రెసర్ మధ్యమధ్యలో లోడ్ అవుతుంటే, అంటే గాలి నింపుతుంటే, ఆ గాలంతా లీకుల్లోకే పోతున్నట్టు. లోడ్ అయిన టైమ్ ని మొత్తం టైమ్ తో భాగిస్తే లీకేజీ శాతం వచ్చేస్తుంది. నిమిషమున్నర లోడ్, ఆరు నిమిషాలు అన్ లోడ్ అనుకోండి, ఏడున్నరలో ఒకటిన్నర, అంటే 20 శాతం. స్టాప్ వాచ్ చాలు, వాళ్ళ ఇంజినీరే తీసుకోవచ్చు. వీఎఫ్‌డీ అనే మోటార్ వేగం మార్చే పరికరం పెట్టిన కంప్రెసర్ కి ఈ లెక్క ఇలా కుదరదు, అది వేరే కథ. ఎవరి ఫీల్డ్ లో అయినా ఇలాంటి ఒక చిన్న మెట్టు ఉంటుంది, దాన్ని వెతుక్కుంటే మెసేజ్ లో సగం కష్టం తీరిపోతుంది.

మూడోది, "10 శాతం లోపు ఉంటే వెళ్ళిపోతాం" అన్న లైన్. ఇది చూసి మా పార్ట్ నర్ నన్ను తిట్టాడు, మనమే బేరం చెడగొట్టుకుంటామా అని. కానీ దీనివల్ల అన్నకి ధైర్యం వచ్చింది. ఈ కుర్రాడు అక్కర్లేని చోట అంటగట్టడు అని తన పాత బాస్ కి చెప్పడానికి ఆయనకి ఒక ఆధారం దొరికింది. అలాగే నేను ఎన్ని లక్షలు మిగులుతాయో రాయలేదు, శాతం మాత్రమే రాశా. లీకులు మూసినంత మాత్రాన బిల్లు అంతే తగ్గదు, కంప్రెసర్ అన్ లోడ్ లో ఉన్నప్పుడు కూడా కరెంటు కొంత తాగుతూనే ఉంటుంది, ఆ సంగతి తెలిసిన ఇంజినీర్ నా లక్షల లెక్క చూస్తే అక్కడే పక్కన పడేస్తాడు. జిగణి క్లయింట్ పేరు కూడా కావాలనే పెట్టలేదు. ఈ మెసేజ్ ఎక్కడెక్కడ తిరుగుతుందో నా చేతిలో ఉండదు, వాళ్ళ ప్లాంట్ లో 28 శాతం లీకు ఉండిందని ఊరంతా తెలియడం వాళ్ళకి ఇష్టం ఉండదు కదా.

నాలుగోది నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసిన సంగతి. ఈ మెసేజ్ చదివేది ఇద్దరు కాదు, ముగ్గురు. అన్న చదువుతాడు, ప్లాంట్ హెడ్ చదువుతారు, ఆయన వెంటనే "చెక్ దిస్" అని రెండు ముక్కలు కొట్టి మెయింటెనెన్స్ మేనేజర్ కి తోసేస్తారు. ఆ మూడో మనిషికి అన్న ఎవరో సరిగ్గా తెలియకపోవచ్చు, నేను అసలే తెలియదు, పైగా నేను చేసే పని అంటే ఆయన డిపార్ట్ మెంట్ లో తప్పులు వెతికి బాస్ కి చూపించినట్టు. సంతకం పెట్టేది ప్లాంట్ హెడ్ అయినా ఈయన "అవసరం లేదు సార్, మేము చూసుకుంటున్నాం" అంటే అయిపోయినట్టే. అందుకే "మెయింటెనెన్స్ టీమ్ తో కలిసి" అని, "రీడింగులు ఆ ప్లాంట్ వాళ్ళే తీసుకున్నారు" అని రాశా. "మీ మెయింటెనెన్స్ పట్టించుకోని లీకులు మేము పడతాం" అని రాసి ఉంటే ప్లాంట్ హెడ్ కి బాగానే ఉండేది, మూడో మనిషి దగ్గర కథ ముగిసిపోయేది. అందుకే రాసింది పంపే ముందు ఆ మూడో మనిషి కుర్చీలో కూర్చుని ఒకసారి చదవాలి.

సోమవారం పొద్దున పదిన్నరకి పెట్టా, వీకెండ్ లో అన్న ఊరికి పోతాడని. మంగళవారం రాత్రి "పంపా రా" అని వచ్చింది. బుధవారం మధ్యాహ్నం ఆ సార్ అన్నకి మెయింటెనెన్స్ మేనేజర్ నంబర్ పెట్టి మాట్లాడుకోమన్నారు, అన్న మా ముగ్గుర్నీ కలిపి ఒక గ్రూప్ చేశాడు. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, గ్రూప్ లోనే ఏ ఆదివారం, గేట్ పాస్ ఎలా, సేఫ్టీ షూస్ ఎవరు తెచ్చుకోవాలి అని మొదలుపెడతారు, అన్న ఫోన్ మోగుతూనే ఉంటుంది. నేను గంటలోపు గ్రూప్ లో ఒక్కటే రాశా, "థాంక్స్ అన్నా, మేనేజర్ సార్ కి నేను విడిగా మెసేజ్ పెడుతున్నా, ఇంక నిన్ను ఇబ్బంది పెట్టం" అని, పెట్టేసి విడిగా వెళ్ళిపోయా. ఈమెయిల్ లో అయితే ఇదే పని మధ్యవర్తిని బీసీసీలోకి మార్చి చేస్తారు, ఆయనకి మన మొదటి జవాబు కనపడుతుంది, ఆ తర్వాత వచ్చే జవాబులు ఆయన దాకా పోవు. ఆ గంటలోపు అనేది కూడా ముఖ్యమే. ఇంట్రో వచ్చిన రెండు రోజులకి తీరిగ్గా జవాబు ఇస్తే, వీడికే అంత అవసరం లేనప్పుడు నేనెందుకు ఊరికే మాట పోగొట్టుకున్నా అని మధ్యవర్తికి అనిపిస్తుంది.

అన్న జవాబు ఇవ్వకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణి అంటే, వారం ఆగి ఒక్కసారి గుర్తు చేసేవాణ్ణి, మళ్ళీ అదే వద్దను అనే తలుపుతో. అప్పటికీ లేకపోతే అది వద్దనే, రెండోసారి గుర్తు చెయ్యను. ఆ వారంలో ఇంకొకరి ద్వారా అదే సార్ ని ప్రయత్నించకూడదు. ఒకే రాత మెసేజ్ ఇద్దరి నుంచి ఒకే వారంలో వచ్చిందంటే ఆ ఇద్దరూ తమని వాడుకున్నారని తెలుసుకుంటారు, సార్ కేమో ఊరందరికీ పంచిన పాంప్లెట్ లా అనిపిస్తుంది. ఇంతకుముందే ఆ సార్ కి మీరు సొంతంగా లింక్డ్ ఇన్ లో ఏదైనా పెట్టి ఉంటే ఆ సంగతి కూడా మధ్యవర్తికి ముందే చెప్పాలి. ఆయన కొత్త మనిషిలా పరిచయం చేస్తే అటు వైపు "వీడు ఆల్రెడీ మూడుసార్లు మెసేజ్ పెట్టాడు" అని వస్తే అన్న పరువు పోతుంది.

ఆదివారం వెళ్ళాం, మేనేజర్ తనే స్టాప్ వాచ్ పట్టుకున్నాడు, 19 శాతం వచ్చింది. పెద్ద ఆర్డర్ ఏమీ రాలేదు, ప్రెస్ లైన్ ఒక్కదానికే చెయ్యమన్నారు, మిగతాది వచ్చే బడ్జెట్ లో చూద్దాం అన్నారు. ఆ రాత్రే అన్నకి మూడు లైన్లు పెట్టా, ఎంత వచ్చింది, ఏం ఒప్పుకున్నారు, మేనేజర్ మంచిగా చూసుకున్నాడు అని. పని కాకపోయినా పెట్టేవాణ్ణి, ఎందుకంటే ఆ సార్ ఎప్పుడైనా ఫోన్ లో "మీ వాడు వచ్చాడయ్యా" అంటే అన్న తెల్లమొహం వెయ్యకూడదు.

నాకు ఇప్పటికీ నవ్వొచ్చే తప్పు ఒకటి చెప్పి ఆపేస్తా. సార్ కి పంపమని రాసిన మెసేజ్ పైన పెట్టింది నేను సరిదిద్దుకున్నది. అన్నకి పంపిన దాంట్లో చివర "జూన్ మూడో వారంలో ఆదివారం వస్తారు" అని ఇంకో లైన్ ఉండింది. సెప్టెంబర్ లో హోసూరు నుంచి తెలియని నంబర్ ఫోన్ చేసింది, ఇంకో ప్లాంట్ మెయింటెనెన్స్ మేనేజర్, బొమ్మసంద్ర ఆయన స్నేహితుడంట, మెసేజ్ అలా చేతులు మారి ఆయన దాకా పోయింది. తమిళం, ఇంగ్లీషు కలిపి ఆయన మొదట అడిగింది ఒక్కటే, "సార్, ఈ జూన్ మూడో వారం అంటే వచ్చే సంవత్సరమా?"